స్కూపు పాఠం – 3: ఇరవై ఎనిమిది ప్లేట్ల పొంగల్

పోయినసారి స్కూపులు చేతికిచ్చి, ఏది దేనికో చెప్పి వదిలిపెట్టినా. ఈసారి చట్నీల సంగతి రాద్దామనుకున్నా గానీ, ఈ వారం పొంగల్ దగ్గర జరిగింది చూసినాక చట్నీ పక్కన పెట్టాల్సొచ్చింది.

స్కూపు పిడి మీదుండే నంబరు ఏందని ఇద్దరు ముగ్గురు అడిగినారు, ముందు దానికి జవాబు. స్కూపు పిడి మీద 8 అని ఉంటే అది పెద్దది, 12 అని ఉంటే చిన్నది. ఒక అమెరికన్ క్వార్ట్ కొలతకి ఎన్ని స్కూపులు పడతాయో ఆ నంబరు చెబుతుంది, అందుకే నంబరు పెరిగేకొద్దీ స్కూపు చిన్నదవుతుంది. 8 నంబరుకి దాదాపు 118 మిల్లీలీటర్లు పడుతుంది. మన పొంగల్ అయితే అంచుకు సమంగా గీస్తే 125 గ్రాములు తూగుతుంది. ప్లేటుకి రెండు స్కూపులు, అంటే 250 గ్రాములు. అంతే.

ఇంక అసలు విషయం. పొద్దున వండే పొంగల్‌లో కిలో బియ్యం, అర కిలో పెసరపప్పు, 200 గ్రాముల నెయ్యి, 100 గ్రాముల జీడిపప్పు పడుతున్నాయి. బియ్యానికి సుమారు 3,500 క్యాలరీలు, పప్పుకి 1,750, నెయ్యికి 1,800, జీడిపప్పుకి 580 వేసుకుంటే అన్నీ కలిపి 7,630. మిరియాలు, జీలకర్ర, అల్లం లెక్కలోకి రావు. ఉడికినాక గిన్నె బరువు తీసేస్తే 7 కిలోలు వస్తోంది. అంటే గ్రాముకి 1.09 క్యాలరీలు, 250 గ్రాములకి 272. పైన చిన్న చెంచా నెయ్యి, 5 మిల్లీలీటర్లు, ఇంకో 40. మెనూ కార్డులో 310 అని వేసింది ఈ లెక్కతోనే. సాంబారుకీ చట్నీకీ విడిగా వేసినాం.

7 కిలోలకి 28 ప్లేట్లు రావాలి. శనివారం 24కే గిన్నె ఖాళీ. ఎవరూ దొంగతనంగా తినలేదులే, నాకు తెలుసు. ఆ నాలుగు ప్లేట్లూ మిగతా 24 ప్లేట్ల నెత్తిన ఎక్కి కూర్చున్నాయి. లెక్కేస్తే సగటున ప్లేటుకి 290 గ్రాముల పైన పడింది. పై నెయ్యితో కలిపి దాదాపు 360 క్యాలరీలు తినిపించి, కార్డులో 310 అని చూపించినాం. క్యాలరీలు అచ్చేయాలన్న ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నిబంధన పదీ అంతకంటే ఎక్కువ చోట్ల శాఖలున్న హోటళ్లకి వర్తిస్తుంది, మన ఒక్క కొట్టుకి కాదు. మనం మనంతట మనమే వేసుకున్నాం. ఇష్టపడి వేసుకున్న అంకె తప్పుగా ఉండకూడదు కదప్పా.

కాబట్టి స్కూపు తీసినాక గిన్నె అంచుకి ఆనించి నెత్తి గీయండి. గోపురం మాదిరి ఉంటే అది స్కూపు కాదు. అదిమి నింపొద్దు, వదులుగా కూడా వద్దు. తీసినది తీసినట్టు ఒక గీత గీస్తే చాలు. దర్శనం చేసుకొని అలిపిరి మెట్లు దిగొచ్చినవాళ్లు ఆకలి మీద ఉంటారు, "ఇంకొంచెం వెయ్యి నాయనా" అంటారు. వేయండి, కానీ ఇంకో పూర్తి స్కూపుగా వేయండి, బిల్లులో "ఎక్స్‌ట్రా స్కూపు" అని కొట్టండి. అది 136 క్యాలరీలని కార్డులోనే ఉంది. ముసలివాళ్లకి బిల్లు వద్దనిపిస్తే కొట్టకండి, నేనేమీ అనను. కానీ సగం స్కూపు, ముప్పావు స్కూపు మాత్రం వద్దు.

ఇప్పుడు నాకు తిక్క రేపే సంగతి. పది గంటలకి పొంగల్ బిగిసిపోతుంది. స్కూపుకి అంటుకుంటుంది, ప్లేటులో ముద్దలా పడుతుంది. అప్పుడు మీరు చేసేది నేను గల్లాపెట్టె దగ్గర నుంచే చూస్తున్నా: నెయ్యి గరిటె తీసుకొని గిన్నెలో ఒక పోటు పోసి కలుపుతారు. వాసన ఘుమఘుమలాడుతుంది, పొంగల్ జారుతుంది, కస్టమరు మెచ్చుకుంటాడు. ఆ గరిటె 100 మిల్లీలీటర్లది. అందులో నెయ్యి 91 గ్రాములు, గ్రాముకి 9 క్యాలరీలు, అంటే 820. గిన్నెలో 14 ప్లేట్ల సరుకు మిగిలి ఉంటే ప్లేటుకి దాదాపు 60 క్యాలరీలు పెరిగినట్టు. స్కూపు ఎంత సమంగా గీసినా ఈ 60 పోదు. స్కూపు కొలిచేది ఎంత పెట్టినామన్నది, లోపల ఏముందో దానికి తెలీదు.

బిగిసిందంటే పోయింది నీళ్లు, నెయ్యి కాదు. పోయినదే తిరిగి పోయాలి. ఎంత పోయిందో కనుక్కోవడం ఇట్లా: పదింటికి 14 ప్లేట్లు అమ్ముడైనాయనుకోండి. పెట్టింది 3 కిలోల 500 గ్రాములు, మిగలాల్సింది ఇంకో 3,500. గిన్నెని కాటా మీద పెట్టి, ఖాళీ గిన్నె బరువు తీసేయండి (గిన్నె అడుగున మార్కరుతో రాసిపెట్టినా). 3,200 చూపిస్తే 300 గ్రాముల నీళ్లు ఆవిరైపోయినట్టు. 300 మిల్లీలీటర్లు మరుగుతున్న నీళ్లు పోసి, అడుగు నుంచి కలిపి, మూతపెట్టి ఐదు నిమిషాలు వదిలేయండి. చన్నీళ్లు పోస్తే కలవదు, పైన తేలుతుంది. ఏమీ పోయకుండా బిగిసినదే వడ్డించినా తప్పే, అదే 250 గ్రాముల్లో 25 క్యాలరీలు ఎక్కువ పోతాయి.

ఈ లెక్క నిలబడాలంటే అమ్మిన ప్లేట్లన్నీ 250 గ్రాములే అయుండాలి. గోపురాలు పెట్టి ఉంటే 3,200 చూసి నీళ్లు పోయినాయనుకుంటాం, నిజానికి పోయింది పొంగలే. నీళ్లు పోసినాక పొద్దుటికంటే పలచగా జారుతుంటే అదీ గుర్తు. అప్పుడు నన్ను పిలవండి.

స్కూపు అంటుకోకుండా నెయ్యిలో ముంచడం కూడా ఇదే జబ్బు. పక్కన వేడినీళ్ల గ్లాసు పెట్టుకోండి, ముంచి ఒక్కసారి దులపండి. పై నెయ్యికి 5 మిల్లీలీటర్ల స్టీలు చెంచా తప్ప ఇంకేదీ కౌంటరు మీద ఉండకూడదు. టేబుల్‌స్పూను దానికి మూడింతలు, ఒక్కటేస్తే 120 క్యాలరీలు. (నా ప్లేటులో నెయ్యి అసలు వద్దు, మిరియాలు ఎక్కువుంటే చాలు. కానీ అది నా నోరు, మెనూ కాదు.)

పార్సిల్ సంగతి. జిమ్‌కి పోయే ఒకబ్బాయి పార్సిల్ ఇంట్లో తూచి, 310 గ్రాములని ఫోటో తెచ్చి చూపించినాడు. పార్సిల్ చేసినాయన తప్పు కాదు, డబ్బాది. పెద్ద డబ్బాలో రెండు స్కూపులు వేస్తే సగం ఖాళీగా కనబడుతుంది, చెయ్యి ఊరుకోదు. రేపటి నుంచి 250 మిల్లీలీటర్ల డబ్బాలే వస్తాయి. రెండు స్కూపులకి అంచు దాకా నిండుతాయి.

అభ్యాసం: ఒక్కొక్కరు వరుసగా పది స్కూపులు తీసి కాటా మీద పెట్టాలి. పదీ 120కీ 130కీ మధ్య పడాలి. ఒక్కటి తప్పినా మళ్లీ ఒకటి నుంచి. పొద్దున వేడి పొంగల్‌తో ఒకసారి, పదింటికి నీళ్లు కలిపినదానితో ఒకసారి, అంకె కనబడకుండా కాటాని పక్కవాళ్లు చూడాలి. తూచిన స్కూపులు రెండేసి ప్లేట్లలోకి పోతాయి కాబట్టి వృథా ఏమీ లేదు. రాత్రి కొట్టు మూసేటప్పుడు ఎన్ని ప్లేట్లు వచ్చినాయో క్యాలెండరు మీద రాయండి. 27 అయితే పరవాలేదు, గిన్నెకి అంటుకునేది కొంత ఉంటుంది. 26 అయితే ఎవరు వడ్డించినారో పక్కనే పేరు రాయండి. 28 దాటినా రాయండి, అప్పుడు కస్టమరుకి తక్కువ పెట్టినట్టు.

చట్నీ వచ్చే వారం. వేరుశెనగ చట్నీకి చిన్న గరిటె కొన్నా, దాన్ని అప్పటిదాకా సాంబారులో వేయొద్దు.