బెంగళూరులో బండి అమ్మకానికి పెడుతున్నారా? ముందు నంబర్ ప్లేటు కప్పండి

ఊరి నుంచి తెచ్చిన బండిని ఇక్కడ ఏడాదికి మించి నడపాలంటే కర్ణాటక నంబరుకు మార్చుకోవాలి, ఇక్కడి ట్యాక్స్ కట్టాలి. ఆ తిరుగుడు ఎవరు పడతారని మనవాళ్లు చాలామంది ఏపీ, తెలంగాణ బండ్లను బెంగళూరులోనే అమ్మేస్తుంటారు. ప్రకటనకు ఫొటోలు తీసేటప్పుడు మాత్రం ప్లేటు సంగతి ముందే చూసుకోండి.

నంబరు కనిపిస్తే ఏమవుతుంది? ఎంపరివాహన్ లాంటి యాప్‌లో ఆ నంబరు కొడితే బండి మోడల్, రిజిస్ట్రేషన్ తేదీ, ఇన్సూరెన్స్ ఎప్పటివరకో తెలిసిపోతుంది. మోసగాడికి కావలసింది అదే. మీ ఫొటోలు ఎత్తుకుపోయి, ధర సగానికి తగ్గించి, తానే ఓనరునని ఇంకోచోట ప్రకటన పెడతాడు. కొనేవాడు నంబరు కొట్టి చూస్తే వివరాలన్నీ సరిపోతాయి, అడ్వాన్స్ పంపేస్తాడు. అదే మోడల్, అదే రంగు బండికి మీ నంబరు తగిలించుకుని తిరిగేవాళ్లూ ఉంటారు. అప్పుడు చలాన్లు మీకొస్తాయి.

అన్నిటికంటే శుభ్రమైన పద్ధతి ఫొటో తీయకముందే ప్లేటు మీద కాగితం పెట్టడం. యాప్‌తో పనిలేదు, పైగా వీడియో తీసినా ఇబ్బంది ఉండదు. ఒక స్కూటర్ సంగతి తీసుకుందాం. హై సెక్యూరిటీ ప్లేటు అయితే వెనకది 200×100 మిల్లీమీటర్లు, ముందుది 285×45. ఏ4 కాగితాన్ని అడ్డంగా సగానికి మడిస్తే 210×148 అవుతుంది, వెనక ప్లేటుకు సరిపోతుంది. ఇంకో కాగితాన్ని నిలువుగా సగానికి, మళ్లీ సగానికి మడిస్తే 297×52 పట్టీ వస్తుంది, అది ముందుకు. ఒకే పొర చాలదు. పలచని కాగితం ప్లేటుకు గట్టిగా ఆనితే నల్లటి అక్షరాలు లోపలి నుంచి కనిపిస్తాయి. కారు ప్లేటు పొడుగుదైతే 500×120 ఉంటుంది, రెండు కాగితాలను అడ్డంగా తిప్పి పక్కపక్కన పెట్టి అతికించాలి.

అతికించడానికి పెయింటర్లు వాడే మాస్కింగ్ టేప్ మంచిది. టేపు కొసల్ని ప్లేటు వెనక్కి మడిచి అంటించండి. పార్సిల్‌కు వేసే బ్రౌన్ టేపు జిగురు వదిలిపోతుంది, హోలోగ్రామ్ మీద పడితే గీకాల్సి వస్తుంది, ఆ పని పెట్టుకోవద్దు. ఫొటోలు అవ్వగానే కాగితాలు తీసేయండి. ప్లేటు కప్పుకుని రోడ్డెక్కితే కేసే, ఇక్కడి ట్రాఫిక్ పోలీసులు ఈ విషయంలో అసలు ఊరుకోరు.

ఫొటోలు ముందే తీసేసి, బండి కూడా ఊళ్లో లేదనుకోండి. అప్పుడు ఫోన్ ఎడిటర్‌లో నిండు రంగు దీర్ఘచతురస్రం గీసి ప్లేటు మొత్తం మూయండి. చాలామంది హైలైటర్ పెన్నుతో నల్లగా రుద్దేస్తారు. అది పారదర్శకం, చూడటానికి నల్లగానే ఉన్నా కింద అక్షరాలు అలాగే ఉంటాయి. బ్లర్ కూడా నమ్మదగ్గది కాదు. ప్లేటు మీద రాత ఒక కట్టుబాటులో ఉంటుంది కదా: రెండు అక్షరాలు, రెండు అంకెలు, మళ్లీ అక్షరాలు, నాలుగు అంకెలు. తేలికపాటి బ్లర్ అయితే 8కీ 1కీ తేడా నీడలోనే దొరికిపోతుంది.

సరిగ్గా మూశారో లేదో తెలుసుకోవడం సులువే. సేవ్ చేసిన కాపీని తెరిచి బ్రైట్‌నెస్, షాడోస్ పూర్తిగా పెంచి, ప్లేటు దగ్గర జూమ్ చేయండి. అక్షరం ఛాయ కనిపించినా మళ్లీ మొదలుపెట్టాల్సిందే. ఏమీ కనిపించకపోతే ఆ ఫొటోను తెర మీద పెట్టి స్క్రీన్‌షాట్ తీసి, దాన్నే ప్రకటనలో వాడండి. ఇంటి దగ్గర తీసిన అసలు ఫొటోలో లొకేషన్ దాగి ఉండొచ్చు, స్క్రీన్‌షాట్‌తో అది రాదు. కదిలే ఫొటోల సెట్టింగు ఉంటే తీసే ముందే ఆపేయండి, లేకపోతే ముందూ వెనకా ఉన్న చిన్న వీడియో ముక్క ఫైల్లోనే ఉండిపోతుంది.

ఇంత చేసి కూడా జనం మర్చిపోయేది మిగతా చోట్లున్న నంబరు. కారు ముందు అద్దం మీద హై సెక్యూరిటీ స్టిక్కర్‌లో రిజిస్ట్రేషన్ నంబరు ఉంటుంది, కొన్ని కార్లకు కిటికీ అద్దాల మీద కూడా చెక్కి ఉంటుంది. అపార్ట్‌మెంట్ పార్కింగ్ స్టిక్కర్‌లో మీ ఫ్లాట్ నంబరే ఉండొచ్చు. బేస్‌మెంట్‌లో తీస్తే పక్కింటివాళ్ల బండి ప్లేటు వెనకాల పడుతుంది, అదీ చూసుకోండి. నన్నడిగితే ఉదయం పూట ఖాళీ గోడ ముందు నిలబెట్టి తీయడమే మేలు.

కొనేవాళ్లు నంబరు అడగడం తప్పేమీ కాదు. చలాన్లు, లోన్ ఉందేమో చూసుకోవాలి కదా. ప్రకటనలో ‘తెలంగాణ రిజిస్ట్రేషన్, 2021 మోడల్, ఎన్ఓసీ ఇస్తాను’ అని రాస్తే మొదటి ఫోన్‌కు అది చాలు. మనిషి వచ్చి బండి చూసుకున్నాక ప్లేటు ఎలాగూ కళ్లముందే ఉంటుంది, ఆర్సీ కూడా అప్పుడే చూపించండి. రాకుండానే ఆర్సీ ఫొటో పంపమని పట్టుబట్టేవాడికి మాత్రం పంపకండి.