సంపు, స్లాబు లీకైతే: క్రిస్టలైన్ పొడి ఎక్కడ, స్లర్రీ కోటింగ్ ఎలా?

కాంక్రీటు ఇంకా పోయలేదా, పోసేశారా? మందు ఎంపిక దీన్నిబట్టే ఉంటుంది.

క్రిస్టలైన్ అడ్మిక్స్‌చర్ కాంక్రీటు కలిపేటప్పుడే వేసే పొడి. 50 కిలోల సిమెంటు బస్తాకి కంపెనీని బట్టి దాదాపు 400 గ్రాముల నుంచి కిలో దాకా పడుతుంది, ప్యాకెట్ మీద రాసిన కొలతే వాడాలి. తడి తగిలినప్పుడు ఇది సిమెంటులోని సున్నంతో కలిసి సూదుల్లాంటి స్ఫటికాలుగా పెరిగి, సన్న రంధ్రాలను, వెంట్రుకవాసి పగుళ్లను మూసేస్తుంది. కానీ వైబ్రేటర్ సరిగ్గా పెట్టక కంకర తేలిన చోటును, నిన్నటి పోతకీ నేటి పోతకీ మధ్య అతుకును, పైపు చుట్టూ సందును ఇది మూయలేదు. సంపు అడుగు, గోడ కలిసే అతుకులో వాటర్‌స్టాప్ పట్టీ వేయించాల్సిందే.

పాత సంపుకి పొడి, ద్రవం రెండు భాగాలుగా వచ్చే సిమెంటు స్లర్రీ కోటింగ్ సరిపోతుంది. లోపలి కొలత 6×5 అడుగులు, లోతు 5 అడుగులైతే గోడలు 110, అడుగు 30, మొత్తం 140 చదరపు అడుగులు. రెండు కోట్లకి సుమారు 20 నుంచి 26 కిలోలు పడుతుంది. తాగునీటికి పనికొస్తుందని ప్యాకెట్ మీద ఉన్నదే కొనండి.

1. సంపు ఖాళీ చేసి, మూత తీసి గాలి ఆడనివ్వండి. పైన ఒక మనిషి లేకుండా లోపలికి దిగకండి. నాచు, పాత సున్నం, ఊడే ప్లాస్టరు వైరు బ్రష్‌తో గీకేయండి.

2. పగుళ్లు, పైపు చుట్టూ సందులు చెక్కి, ఆరినా కుంచించుకోని నాన్-ష్రింక్ మోర్టార్‌తో నింపండి. గోడ, అడుగు కలిసే మూలలు అదే మోర్టార్‌తో గుండ్రంగా తీర్చండి. కోటింగ్ ముందుగా చీలేది అక్కడే.

3. గోడను బాగా తడపండి. చేయి ఆనిస్తే చల్లగా తడి తగలాలి, నీరు మాత్రం కారకూడదు. పొడిగోడ స్లర్రీలోని నీళ్లు లాగేస్తే పూత పొడిపొడిగా రాలుతుంది.

4. ద్రవంలో పొడి కొద్దికొద్దిగా వేసి ఉండలు లేకుండా కలపండి. మొదటి కోటు అడ్డంగా, అది ఆరాక రెండోది నిలువుగా బ్రష్‌తో వేయండి. గట్టిపడ్డ స్లర్రీలో మళ్లీ నీళ్లు పోయొద్దు.

5. ప్యాకెట్ మీద చెప్పినన్ని రోజులు, సాధారణంగా వారం, ఆగి నింపండి. మొదటి రోజు కాంక్రీటు కొంత నీరు పీలుస్తుంది కాబట్టి రెండో రోజు నీటి మట్టం దగ్గర గీత పెట్టి, కుళాయిలు కట్టేసి 24 గంటలు చూడండి.

బయట భూగర్భజలం ఒత్తిడి ఉంటే లోపలివైపు వేసిన మామూలు స్లర్రీ ఉబ్బి ఊడుతుంది.

స్లాబు మీద అసలు చిక్కు కదిలే పగులు. పగులు మీద అడ్డంగా సిమెంటు పేస్టు సన్నగా రాసి రెండు వారాల ఎండ తగలనివ్వండి. పేస్టు అదే గీతలో చీలితే పగులు కదులుతున్నట్టే. అప్పుడు ఈ రెండు మందులూ ఆగవు: పగులును వెడల్పు చేసి సాగే సీలెంట్ నింపి, పైన సాగే మెంబ్రేన్ వేయించాలి. కదలని స్లాబుకి స్లర్రీ వేస్తే, నడకకి అరిగిపోకుండా దానిపైన నీరు పోయే గొట్టం వైపు వాలుగా, వందకి ఒకటి చొప్పున, సిమెంటు మోర్టార్ పరిపించండి. కింద సీలింగ్ పెచ్చులూడి తుప్పు చువ్వ కనిపిస్తే ముందు చువ్వ సంగతి చూడాలి, ఏ కోటింగూ దాన్ని బాగుచేయదు.