క్లాస్‌మేట్ డ్రాఫ్ట్‌కు ఫీడ్‌బ్యాక్ నోట్: ఎక్కడ తప్పుతోంది, ఎలా సరిచేయాలి

అనంతపురంలో జర్నలిజం పీజీ చదువుతున్నాం. వ్యాసం సార్ చేతికి ఇచ్చే ముందు ఒకరి డ్రాఫ్ట్ ఇంకొకరు చదివి ఒక పేజీ నోట్ రాయాలి. ఈసారి నాకు వచ్చింది నా పక్క బెంచీ అమ్మాయి రాసిన డ్రాఫ్ట్. ఒక తెలుగు దినపత్రిక జిల్లా పేజీల్లో కరువు వార్తలు ఎలా వచ్చాయన్నది విషయం. 2019, 2023 జూలై నెలల్లో ముప్పైయేసి రోజుల పేపర్లు లైబ్రరీలో కూర్చుని తిరగేసి, ప్రతి వార్తకూ నోట్‌బుక్‌లో గళ్లు గీసుకుంది. అంత కష్టపడి రాసిన దానికి నేను రాసిన మొదటి నోట్ ఏమాత్రం పనికిరాలేదు. రెండోది పనికొచ్చింది. ఆ రెండింటి మధ్య నేను నేర్చుకున్నది ఇక్కడ చెబుతున్నాను.

సమస్య 1: "బాగుంది" అని రాశాం, డ్రాఫ్ట్ ఒక్క అక్షరం మారలేదు

నా మొదటి నోట్ ఇలా మొదలైంది: "చాలా బాగా రాశావు, మంచి టాపిక్." ఆమె చదివి, "అయితే ఇట్లే ఇచ్చేద్దామా ప్పా?" అంది. తప్పు ఆమెది కాదు. ఏది బాగుందో నేను చెప్పలేదు కాబట్టి అంతా బాగుందని అర్థం చేసుకుంది.

మెచ్చుకునేటప్పుడు పేజీ, వాక్యం చూపించాలి. దానితో ఏం చేయొచ్చో కూడా చెప్పాలి. రెండోసారి ఇలా రాశాను: "4వ పేజీలో ఒక మాట పట్టుకున్నావు. ఎండిన శనక్కాయ చేలో నిలబడిన రైతు ఫొటోలో ఉన్నాడు, వార్తలో మాట మాత్రం అధికారిదే. నీ నోట్‌బుక్‌లో 'ఎవరు మాట్లాడారు' అనే గడి ఉంది కదా, ఈ వ్యాసానికి ప్రాణం అదే. దాన్ని మొదటి పేజీకి తీసుకురా." ఇది చదివాక ఆమె నిజంగానే పేజీల వరుస మార్చింది.

సమస్య 2: లెక్క ఒకటి చెబుతోంది, ముగింపు ఇంకొకటి చెబుతోంది

అసలు చిక్కు ఇక్కడే. డ్రాఫ్ట్ చివరి పేజీలో ఈ వాక్యం ఉంది: "జిల్లా పేజీలు కరువుకు తక్కువ చోటివ్వడం వల్లే ప్రజలు కరువును మరిచిపోయారు."

ఇలాంటి వాక్యాన్ని పట్టుకోవడానికి నేను ఒక పని చేస్తాను. ముగింపులోని ప్రతి నామవాచకం కింద గీత గీసి, దానికి సంబంధించిన సాక్ష్యం ఏ పేజీలో ఉందో మార్జిన్‌లో రాస్తాను. "జిల్లా పేజీలు" అన్నదానికి 3, 4, 5 పేజీలు దొరికాయి. "ప్రజలు" అన్నదానికి ఏమీ దొరకలేదు. ఆమె పేపర్లను లెక్కపెట్టింది కానీ ఒక్క పాఠకుణ్ణీ అడగలేదు. పేపర్లో ఏముందో లెక్కపెడితే పేపర్ గురించే తెలుస్తుంది, చదివినవాళ్ల మనసులో ఏముందో తెలియదు.

ఇంత దూరం ఎందుకు వెళ్లింది? ఆమె ఆధారం చేసుకున్నది అజెండా సెట్టింగ్ సిద్ధాంతం, అంటే మీడియా ఎక్కువ చోటిచ్చిన సమస్యనే జనం ముఖ్యమైనదిగా భావిస్తారన్నది. అమెరికా పరిశోధకులు మెక్‌కాంబ్స్, షా 1972లో ప్రచురించిన పరిశోధన అది. కానీ ఆమె ఆ వ్యాసం చదవలేదు, ఎవరో ఇచ్చిన స్లైడ్లు చదివింది. స్లైడులో "మీడియా ప్రజల అజెండాను నిర్ణయిస్తుంది" అన్న ఒక్క వాక్యమే ఉంది. ఆ ఇద్దరూ 1968 అమెరికా అధ్యక్ష ఎన్నికల సమయంలో చాపెల్ హిల్ అనే ఊళ్లో, ఎవరికి ఓటేయాలో ఇంకా తేల్చుకోని 100 మందిని కలిసి, ముఖ్యమైన సమస్యలేవని అడిగారు. వాళ్లు చూసే పేపర్లు, టీవీ వార్తల్లో ఏ సమస్యకు ఎంత చోటు దక్కిందో విడిగా లెక్కపెట్టారు. తర్వాత ఆ రెండింటినీ పోల్చారు. రెండూ చాలా దగ్గరగా కలిశాయి. అయినా ఈ పోలికతోనే సిద్ధాంతం రుజువైనట్టు కాదని వాళ్లే ఆ వ్యాసంలో రాశారు. ఈ రెండో సగం స్లైడులో లేదు, అందుకే ఈ అమ్మాయి డ్రాఫ్ట్‌లోనూ లేదు.

నోట్‌లో "నీ వాదన బలహీనం" అని రాస్తే టెన్షన్ పెరుగుతుంది తప్ప పని జరగదు. దారులు చూపించాలి. నేను రెండు రాశాను. మొదటిది వాక్యాన్ని లెక్కకు తగ్గట్టు తగ్గించడం: "ఈ రెండు జూలైల జిల్లా పేజీల్లో కరువు గురించి రైతుల కన్నా అధికారులే ఎక్కువగా మాట్లాడారు." రెండోది పాఠకులను అడగడం. అయితే గడువు దగ్గర పడ్డాక నలుగురు స్నేహితులను అడిగి "ప్రజలు" అని రాయడం మొదటి తప్పు కన్నా పెద్దది. అందుకే మొదటి దారే మేలని నోట్‌లో తేల్చి చెప్పాను.

ఇదే పేజీలో ఇంకో ఖాళీ కనిపించింది. 2019 జూలై కన్నా 2023 జూలైలో "అనంతపురం జిల్లా" కరువు వార్తలు తగ్గాయని రాసింది. 2022 ఏప్రిల్ 4న జిల్లా రెండైంది. హిందూపురం, కదిరి, పెనుకొండ, ధర్మవరం శ్రీ సత్యసాయి జిల్లాలోకి పోయాయి. జిల్లానే చిన్నదైనప్పుడు వార్తలు తగ్గడం వింత కాదు. ఇలాంటి చోట నేను "తప్పు" అని రాయను, ప్రశ్న వేస్తాను: "2019 లెక్కలో కదిరి వార్తలు ఉన్నాయా? ఉంటే వాటిని తీసేసి మళ్లీ పోల్చగలవా? ఆ రెండు జూలైల్లో వాన ఎంత పడిందో కూడా చూశావా?" నోట్‌బుక్‌లో ఊరి పేరుకు ఒక గడి ఉండటంతో ఒక సాయంత్రంలో మళ్లీ లెక్క కట్టగలిగింది.

సమస్య 3: రిఫరెన్స్ ఉంది, కానీ వెతికితే దొరకదు

ఇక్కడ మూడు రకాలు కనిపించాయి.

మొదటిది, ఒకరి మాట ఇంకొకరి పేరు మీద ఉండటం. "ఏమనుకోవాలో చెప్పడంలో పత్రికలు చాలాసార్లు విఫలం కావచ్చు, దేని గురించి ఆలోచించాలో చెప్పడంలో మాత్రం ఆశ్చర్యపోయేంతగా సఫలమవుతాయి" అన్న భావాన్ని డ్రాఫ్ట్ మెక్‌కాంబ్స్, షాలకు అంటగట్టింది. అది 1963లో బెర్నార్డ్ కోహెన్ అనే అమెరికా రాజనీతి పండితుడు రాసింది. 1972 వ్యాసం దాన్ని ఉదహరించింది, అంతే. కోహెన్ పుస్తకం చేతికి అందకపోతే చూసినదాన్నే చెప్పాలి: (కోహెన్, 1963, మెక్‌కాంబ్స్, షా, 1972లో ఉదహరించినట్లు). స్లైడులోనే చూసి ఉంటే ముందు ఆ వ్యాసం తెరిచి చదవాలి. ఇంగ్లిష్ మాటను తనే తెలుగు చేసుకుంటే "అనువాదం నాది" అని కూడా రాయాలి.

రెండోది, ఈ-పేపర్ లింకు. ఆమె ఇచ్చిన లింకు నొక్కితే ఆ రోజు పేపర్ కాకుండా ఇవాళ్టి పేపర్ తెరుచుకుంది. లింకును నమ్ముకోకుండా పత్రిక పేరు, తేదీ, ఏ ఎడిషన్, పేజీ నంబరు, శీర్షిక రాసుకోవాలి, విలేకరి పేరు ఉంటే అదీ. ఎడిషన్ తప్పకుండా కావాలి, ఎందుకంటే ఒకే పత్రిక ఒకే రోజు కర్నూలులో వేసిన జిల్లా పేజీ వేరు, అనంతపురంలో వేసింది వేరు. లైబ్రరీలో ఫొటో తీసేటప్పుడు తేదీ ఉన్న పై అంచు కూడా ఫ్రేములోకి వచ్చేలా తీస్తే సగం ఇబ్బంది తీరుతుంది.

మూడోది, వాట్సాప్‌లో వచ్చిన క్లిప్పింగ్. పై అంచు కత్తిరించి ఉంది, తేదీ లేదు. అది ఎంత మంచి ఉదాహరణైనా అసలు పేజీ దొరికేదాకా సాక్ష్యంగా వాడొద్దని రాశాను. ఆమెకు బాధగానే అనిపించింది, ఆ ఫొటో అంత బలమైనది. రెండు గంటలు వెతికినా దొరకలేదు, తీసేసింది.

ఒక పేరా మాత్రం నోట్‌లో ఎత్తలేదు. మిగతా డ్రాఫ్ట్ అంతా ఆమె మాట్లాడినట్టే ఉంటే, 6వ పేజీలో ఉన్నట్టుండి "తత్ఫలితముగా", "పర్యవసానముగా" అని మొదలైంది, రిఫరెన్స్ లేదు. ఎక్కడి నుంచో దించినదని అనుమానం వస్తుంది, కానీ అనుమానం రుజువు కాదు, ఆ నోట్ సార్ కూడా చదువుతారు. టవర్‌క్లాక్ దగ్గర జిరాక్స్ షాపులో నిలబడ్డప్పుడు విడిగా అడిగాను: "ఈ పేరా యాడ చదివినావు?" ఒక పాత సెమినార్ పత్రం నుంచి నోట్స్ రాసుకుందట, కొటేషన్ గుర్తులు పెట్టుకోవడం మరిచిపోయింది. ఆ రాత్రే పేరా తీసేసి, అదే విషయాన్ని తన మాటల్లో రెండు వాక్యాల్లో రాసి, పత్రం పేరు పక్కన పెట్టింది.