‘తెల్లవారితే శనివారం’: హాలు క్యాలెండర్‌లో డబుల్ బుకింగ్ ఇలా ఆపాం

హైదరాబాద్‌లోని మా ఫంక్షన్ హాల్లో డబుల్ బుకింగులకు అసలు కారణం అర్ధరాత్రి ముహూర్తాలే. పంచాంగంలో వారం సూర్యోదయంతో మారుతుంది, కంప్యూటర్‌లో తేదీ రాత్రి 12కే మారిపోతుంది. పెళ్లివారు ‘శుక్రవారం రాత్రి 2:40’ అంటారు, శుభలేఖలో ‘తెల్లవారితే శనివారం’ అని ఉంటుంది. దాన్ని శుక్రవారం గడిలో మాత్రమే రాస్తే శనివారం ఖాళీగా కనిపిస్తుంది. ఆ ఉదయం 10:15 ముహూర్తానికి ఇంకొకరు అడ్వాన్స్ కట్టేస్తారు. అప్పటికి మొదటి పెళ్లివారి అప్పగింతలు కూడా అయి ఉండవు.

అందుకే తేదీ గడులు తీసేశాం. తాళాలు ఇచ్చే సమయం, తిరిగి తీసుకునే సమయం రాస్తున్నాం. పై పెళ్లికి శుక్రవారం మధ్యాహ్నం 3 నుంచి శనివారం ఉదయం 11 వరకు, ఆపైన మండపం విప్పి కడగడానికి 4 గంటలు. కొత్త బుకింగ్ పాతది ముగియకముందే మొదలై, పాతది మొదలయ్యాక ముగుస్తుంటే రెండూ ఢీకొన్నట్టే. ముహూర్తం వేరే గడిలో, సమాచారం కోసమే.

‘పంతులుగారిని అడిగి చెప్తామండీ’ అన్నవారికి 48 గంటలు ఆపుతాం, మాఘం, శ్రావణాల్లో 24 గంటలే. గడువు ముగిసే గంట వాట్సాప్‌లో రాసి పంపాలి, నోటిమాటగా వదిలితే గొడవే. అడ్వాన్స్ స్క్రీన్‌షాట్ చాలదు, డబ్బు ఖాతాలో పడ్డాకే ఖరారు. ఈలోపు అదే సమయం అడిగినవారి పేరు వెయిటింగ్‌లో వరుసగా రాస్తాం, వాళ్ల దగ్గర రూపాయి కూడా తీసుకోం.