ఆటలో ల్యాగ్ ఎక్కడి నుంచి వస్తోంది? రెండు పింగ్‌లతో పట్టుకోవడం ఎలా

విశాఖ సీతమ్మధారలో మా అక్కవాళ్ల ఫ్లాట్ మూడో అంతస్తులో ఉంటుంది. రాత్రి ఎనిమిది దాటిందంటే మా మేనల్లుడి గదిలోంచి కేకలు మొదలవుతాయి. మొన్న నేను వెళ్లేసరికి ఫిర్యాదు సిద్ధంగా ఉంది. "మావయ్యా, వంద ఎంబీపీఎస్ ప్లాన్. స్పీడ్ టెస్ట్‌లో 94 వస్తోంది. ఆటలో మాత్రం అందరూ గడ్డకట్టినట్టు ఆగిపోయి, ఒక్కసారే ఎగిరి పడుతున్నారు. రెండొందల ప్లాన్‌కి మారిపోదామా?"

డబ్బు దండగ అన్నాను. సినిమా దించుకోవడానికి వెడల్పాటి రోడ్డు కావాలి గానీ, ఆటకి అక్కర్లేదు. ఆట పంపేవి చిన్న చిన్న పొట్లాలు, సెకనుకు కొన్ని పదుల కిలోబైట్లు. వాటిని ప్యాకెట్లంటారు. అవి ఎంత త్వరగా వెళ్తున్నాయి, అన్నీ చేరుతున్నాయా, సమానమైన ఎడంతో చేరుతున్నాయా అన్నదే అక్కడ లెక్క. ఈ మూడింటిలో ఏది చెడినా మనం ల్యాగ్ అనే ఒక్క మాటే అంటాం. కానీ తెర మీద అవి కనిపించే తీరు వేరు, మందు కూడా వేరు.

ముందు, తెర మీద ఏం జరుగుతోందో చూడండి

గోడ చాటుకి వచ్చేశాక కూడా చచ్చిపోతున్నారా? మిగతా ఆటంతా నున్నగానే నడుస్తోందా? అది పింగ్, అంటే కబురు సర్వర్‌కి వెళ్లి తిరిగొచ్చే సమయం, ఎక్కువగా ఉన్నందువల్ల. మీరు గోడ చాటుకి వచ్చిన కబురు సర్వర్‌కి చేరేలోపు, అవతలివాడి తెర మీద మీరింకా బయటే ఉన్నారు. వాడు న్యాయంగానే కాల్చాడు.

మీరు ముందుకి పరిగెత్తాక ఎవరో చొక్కా పట్టుకుని లాగినట్టు పాత చోటికి వచ్చి పడుతున్నారా? పేల్చిన తూటా తగలనట్టే పోతోందా? ప్యాకెట్లు దారిలో పోతున్నాయేమో చూడాలి. మీ కంప్యూటర్ సర్వర్ జవాబు కోసం ఆగకుండా మిమ్మల్ని ముందే నడిపించేస్తుంది. ఆ అడుగుల కబురు సర్వర్‌కి అందకపోతే, అది మిమ్మల్ని తనకి తెలిసిన చోటికి తెచ్చి పెడుతుంది. వేగంగా సాగే ఆటలు పోయిన కబురుని మళ్లీ అడిగి తెప్పించుకునేదాకా ఆగవు. అర సెకను కిందట మీరెక్కడున్నారో ఇప్పుడు తెలిసి ఉపయోగం లేదు కదా.

అందరూ ఆగి, ఒక్కసారే గబగబా కదిలితే మాత్రం నా అనుమానం ముందు వైఫై మీదకే వెళ్తుంది. వైఫైలో పక్కింటి సిగ్నల్ అడ్డొచ్చి ప్యాకెట్ చెడిపోతే, రౌటర్ దాన్ని వెంటనే వదిలెయ్యదు, మళ్లీ మళ్లీ పంపుతుంది. అందుకే ప్యాకెట్ సాధారణంగా పోదు, ఆలస్యంగా వస్తుంది. దాని వెనకున్నవి కూడా ఆగి, గుంపుగా వచ్చి పడతాయి. వైఫై గొడవ ప్యాకెట్ల నష్టంగా కంటే ముందు, ఇలా ఎడం చెడిన కుదుపుగా కనిపించేది ఇందుకే.

ఇప్పుడు కొలవండి

అనుమానాన్ని రుజువు చెయ్యాలంటే ఇంట్లో దారినీ బయట దారినీ విడదీయాలి. విండోస్ కంప్యూటర్లో స్టార్ట్ నొక్కి `cmd` అని టైప్ చేసి తెరవండి. `ipconfig` కొడితే `Default Gateway` ఎదురుగా మీ రౌటర్ నంబర్ కనిపిస్తుంది. మావాడి దగ్గర అది 192.168.1.1. ఇప్పుడు రెండు నల్ల కిటికీలు పక్కపక్కన పెట్టి, ఒక్కోదాంట్లో ఒక్కో వరుస కొట్టండి:

```
ping -t 192.168.1.1
ping -t 8.8.8.8
```

మొదటిది మీ గది నుంచి రౌటర్ దాకా వెళ్లొస్తుంది. రెండోది ఇల్లు దాటి బయటికి వెళ్లొస్తుంది. ల్యాగ్ వచ్చే వేళకే, ఆట ఆడుతూనే పది నిమిషాలు నడవనివ్వండి. సెకనుకొకటి చొప్పున ఆరొందల కొలతలు వస్తాయి. నాలుగు వరుసలు చూసి తీర్పు చెప్పకండి, నూటికొకటి పోయే ప్యాకెట్ అంతలో దొరకదు. చివర్లో `Ctrl+C` నొక్కితే లెక్క చూపిస్తుంది. ఒక హెచ్చరిక: 8.8.8.8 మీ ఆట సర్వర్ కాదు. బయటి దారి బాగుందా లేదా అని చూడ్డానికే అది. ఆటలోని అసలు పింగ్ ఆటే చూపించాలి.

మావాడి లెక్క ఇలా వచ్చింది. రౌటర్ దాకా మామూలుగా 3 మిల్లీసెకన్లు, కానీ నిమిషానికి నాలుగైదుసార్లు 180, 240, ఒకసారి 340. బయటికి మామూలుగా 36, సరిగ్గా అవే క్షణాల్లో 220, 280, 370. పోయిన ప్యాకెట్లు రెండింట్లోనూ సున్నా. రెండు కిటికీలూ కలిసి ఎగురుతున్నాయంటే తప్పు గదికీ రౌటర్‌కీ మధ్యే ఉంది. ప్లాన్ మార్చినా ఆ ముక్క మారదు.

రౌటర్ హాల్లో టీవీ వెనక ఉంది, గదికి మధ్య రెండు గోడలు. కంప్యూటర్ పట్టుకున్నది 2.4 గిగాహెర్ట్జ్ వైఫై. ఫోన్లో వైఫై అనలైజర్ యాప్ పెట్టి చూస్తే పద్నాలుగు ఇళ్ల సిగ్నళ్లు దొరికాయి. ఆ బ్యాండ్‌లో ఒకదానిమీదొకటి పడకుండా ఉండే ఛానళ్లు 1, 6, 11, మూడే. పద్నాలుగు ఇళ్లు ఆ మూడు గదుల్లో కాపురమున్నట్టు. రాత్రి అందరూ ఇళ్లకి చేరాక గొడవ పెరగడంలో వింత లేదు. మైక్రోవేవ్ పొయ్యి కూడా ఆ దగ్గర్లోనే పనిచేస్తుంది.

5 గిగాహెర్ట్జ్‌కి మార్చాం. కుదుపులు బాగా తగ్గాయి, కానీ అది గోడలు దాటడంలో బలహీనం, తలుపేస్తే మళ్లీ 60, 70. చివరికి పదిహేను మీటర్ల లాన్ కేబుల్ గుమ్మం పైనుంచి తెచ్చి కంప్యూటర్‌కి పెట్టాం. రౌటర్ దాకా ఒక మిల్లీసెకను లోపే, బయటికి 36, కదలకుండా. మా అక్కకి ఆ వైరు చూస్తే చిరాకే.

కేబుల్ పెట్టాక కూడా లాగుతుంటే

రెండు వారాల తర్వాత వాన పడ్డ రోజు ఫోన్ చేశాడు. "ఈసారి వెనక్కి లాగుతోంది మావయ్యా." మళ్లీ అవే రెండు కిటికీలు. రౌటర్‌కి ఒక్కటీ పోలేదు. బయటికి మాత్రం ఆరొందల్లో 26 చోట్ల `Request timed out`, అంటే నూటికి నాలుగుకి పైనే. ఈ తప్పు ఇల్లు దాటాక ఉంది. రౌటర్ పేజీలో ఫైబర్ కాంతి బలం -27 డీబీఎం చూపించింది. మామూలు ఇంటి ఫైబర్‌కి అది అంచు, -20 చుట్టుపక్కల ఉంటే నిశ్చింత. బాల్కనీ గ్రిల్ దగ్గర ఫైబర్ గాలికి లాగి మడత పడింది. కంపెనీకి ఫోన్ చేసి "నెట్ స్లో" అంటే రౌటర్ ఆపి వెయ్యమంటారు. "కేబుల్ మీద పెట్టి చూశాం, రౌటర్ దాకా నష్టం లేదు, బయట నాలుగు శాతం, కాంతి -27" అంటే లైన్‌మన్ వస్తాడు. వచ్చాడు, ముక్క కోసి మళ్లీ అతికాడు, -19కి వచ్చింది.

నష్టం లేదు, కుదుపు లేదు, పింగే ఎక్కువైతే

అప్పుడది దూరం. ఫైబర్‌లో కాంతి మిల్లీసెకనుకు సుమారు 200 కిలోమీటర్లు పోతుంది. విశాఖ నుంచి ముంబై తిన్నగా 1,100 కిలోమీటర్లు, రానూపోనూ కనీసం 11 మిల్లీసెకన్లు. అసలు కేబుళ్లు చుట్టు తిరుగుతాయి, దారిలో పెట్టెలుంటాయి కాబట్టి అంతకు రెండు మూడు రెట్లు పడుతుంది. సింగపూర్‌కి దూరం 2,900 దాకా ఉంటుంది కాబట్టి పింగ్ ఇంకా పెరుగుతుంది. వాలరెంట్‌లో ఆట మొదలుపెట్టే ముందే సర్వర్ ఎంచుకునే చోటుంది, ముంబై ఉండగా సింగపూర్ కూడా టిక్ చేసి ఉందేమో చూడండి. ఇంట్లో ఎవరైనా ఫోన్లోని వీడియోలు అప్‌లోడ్ చేస్తున్నప్పుడే బయటి పింగ్ 200 దాటి, రౌటర్ పింగ్ మాత్రం బాగుంటే అది దూరం కాదు, లైన్ దగ్గర ప్యాకెట్ల క్యూ. ఆ అప్‌లోడ్‌ని ఒక్క నిమిషం ఆపి చూస్తే తెలిసిపోతుంది.