కుక్క మాత్ర మింగట్లేదా? పట్టు ఎక్కడ తప్పుతోందో చూసుకోండి

గోదావరి జిల్లాల్లో కుక్కలకి గోమార్లు పట్టడం, వాటివల్ల జ్వరం రావడం మామూలే. ఆ జ్వరానికి డాక్టర్లు ఎక్కువగా రాసేది డాక్సీసైక్లిన్. 20 కిలోల కుక్కకి సాధారణంగా 100 మిల్లీగ్రాముల మాత్ర పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి, 28 రోజులు. అంటే 56 సార్లు నోట్లో పడాలి. మొదటి రోజు ముగ్గురు కలిసి అదిమి పట్టి వేసేస్తారు. మూడో రోజుకి మాత్రల అట్ట చప్పుడైతే చాలు, అది మంచం కిందకి దూరిపోతుంది. అందుకని మొదటి పూట నుంచే 56 సార్లు నడిచే పద్ధతి పెట్టుకోవాలి.

అన్నమంతా తిని మాత్ర ఒక్కటీ వదిలేస్తోంది

గిన్నె నిండా అన్నం ఉంటే నమిలి తింటుంది, పంటికి మాత్ర తగులుతుంది. పొడి చేసి కలిపితే చేదు అన్నమంతా పాకుతుంది, పూర్తిగా తినకపోతే ఎంత మందు లోపలికి వెళ్లిందో తెలీదు. పెరుగన్నంలో దాచడం మనవాళ్లకి అలవాటు గానీ, ఈ మందుకి అది పనికిరాదు. పాలు, పెరుగులోని కాల్షియం మందుని పట్టేసుకుని ఒంటికి సరిగా అందనివ్వదు.

అన్నం పెట్టే ముందు, ఆకలి మీద ఉన్నప్పుడు, ఉడికించిన కోడి కార్జం గానీ చక్కెరకేళీ పండు గానీ ఉసిరికాయంత ఉండలు మూడు చెయ్యండి. మొదటిది ఉత్తది. రెండోదాంట్లో మాత్ర. రెండోది నోట్లో ఉండగానే మూడోది ముక్కు ముందు పెట్టండి. దాని కోసం ముందున్నది నమలకుండా మింగేస్తుంది. మాత్ర పట్టుకున్న వేళ్లతో ఉండ చుట్టకండి, వాసన అంటుతుంది. ఆ వెంటనే అన్నం పెట్టండి. ఖాళీ కడుపున ఈ మందు వాంతి చేయిస్తుంది.

నోరు తెరిచి వేసినా ఉమ్మేస్తోంది

మాత్ర నాలుక ముందు భాగంలో పడింది, లేదా బుగ్గలో దాచుకుంది. కుక్కని గోడ మూలలో వెనక్కి ఆనించి, మీరు పక్కన కూర్చోండి. ఎదురుగా నిలబడి మీదికి వంగితే బెదురుతుంది. ఎడమ చేత్తో పైదవడని పైనుంచి పట్టుకుని, బొటనవేలు ఒక పక్క, మిగతా వేళ్లు రెండో పక్క కోరపళ్ల వెనక ఉంచండి. కుడిచేతి బొటనవేలు, చూపుడువేలి మధ్య మాత్ర పట్టుకుని, నడిమివేలితో కింది ముందుపళ్లని దించండి. నాలుక వెనకాల ఎత్తుగా కనిపించే చోటు దాటించి మాత్ర వదలండి. ముసురు రోజుల్లో చేతి చెమటకి అది వేలికే అంటుకుని వెనక్కి వచ్చేస్తుంది, ముందే వేళ్లు తుడుచుకోండి. నోరు మూసి గొంతు మీద కిందకి నిమరండి. ముక్కు నాకితే దాదాపు మింగినట్టే. అయినా బుగ్గ తీసి చూడండి.

గుర్రుమంటే చెయ్యి పెట్టకండి. మందు మార్చమనో, ఇంజెక్షన్ ఇమ్మనో డాక్టర్ని అడగండి.

మింగింది గానీ గుటకలు వేస్తోంది, అన్నం ముట్టట్లేదు

మాత్ర గొంతు కింద అన్నవాహికలో ఆగి ఉండొచ్చు. డాక్సీసైక్లిన్ అక్కడ కరిగితే పుండు పడుతుంది. అందుకే చేత్తో వేసిన ప్రతిసారీ వెనకే నాలుగైదు ముద్దల మెత్తటి అన్నం గానీ, సిరంజితో 5 మి.లీ. నీళ్లు గానీ ఇవ్వాలి.

కానీ మాత్ర వేయకుండానే చొంగ కారుతూ, దవడ వేలాడుతూ, అరుపు మారితే గొంతులో ఎముక ఇరుక్కుందని చెయ్యి పెట్టకండి. పిచ్చికుక్క వ్యాధి ఇలాగే కనిపిస్తుంది. దాన్ని ఒంటరిగా ఉంచి పశువుల డాక్టర్ని పిలవండి. చొంగ తగిలిన చోట సబ్బు నీళ్లతో 15 నిమిషాలు కడిగి, మీరు వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.

సిరప్ పోస్తే దగ్గుతోంది

తల పైకెత్తి పోశారు. అలా పోస్తే ఊపిరితిత్తుల్లోకి దిగుతుంది. సూది తీసేసిన సిరంజిని కోరపంటి వెనక బుగ్గ సంచిలో పెట్టి, ముక్కు నేలకి సమానంగా ఉంచి, ఒక్కో మి.లీ. చొప్పున, గుటక వేశాకే తర్వాతది వదలండి. కొంత కారిపోయినా సరే, అంచనాగా మళ్లీ పోయకండి. ఆ తర్వాత ఆయాసం, జ్వరం వస్తే అదే రోజు డాక్టరికి చూపించాలి.

కంటి చుక్కలు వేయనివ్వదు

సీసా ఎదురుగా రావడం చూసి తల విదిలిస్తుంది. దాని వెనక కూర్చుని, గడ్డం కింద ఎడమ చెయ్యి వేయండి. సీసా పట్టిన కుడిచేతి మణికట్టుని దాని నుదుటి మీద ఆనించండి. తల కదిలితే చెయ్యీ కదులుతుంది, కంట్లో గుచ్చుకోదు. పై రెప్ప కొంచెం లాగి, పైనుంచి ఒక్క చుక్క. సీసా మూతి కంటికి తగలకూడదు. రెండు మందులుంటే మధ్యలో 5 నిమిషాలు ఆగండి.

కన్ను గట్టిగా మూసుకుంటుంటే పోయినసారి మిగిలిన చుక్కలు వేయకండి. వాటిలో స్టెరాయిడ్ ఉండి, నల్లగుడ్డు మీద పుండు ఉంటే కన్ను చిల్లు పడేదాకా పోతుంది.