గదిలో వెలుగు, 4వ పాఠం: నేలలో ఆకాశం ఎందుకు కనిపిస్తోంది?

గత పాఠంలో విశాఖ బీచ్ రోడ్డు ఫ్లాటు హాలుకి గోడలు కట్టి, మెటీరియల్స్ పెట్టి ఆపాం. ఇప్పుడు దానికి బయటి వెలుగు, లోపలి ప్రతిబింబం ఇవ్వాలి. వాడుతున్నది యూనిటీ 2022, యూఆర్‌పీ, ఫార్వర్డ్ రెండరింగ్. హాలు వెడల్పు 3.6 మీటర్లు, పొడవు 5.4, ఎత్తు 3. పొడవు చివర బాల్కనీ తలుపు, దాని అవతల సముద్రం. వెనక గోడలో గుమ్మం, గుమ్మం దాటితే 3 మీటర్ల పొడవున్న వంటగది.

ముందు దిక్కులు చూద్దాం. విశాఖలో తీరం నైరుతి నుంచి ఈశాన్యానికి సాగుతుంది కాబట్టి బాల్కనీ ఆగ్నేయం వైపు ఉందనుకుందాం. అలాగని మోడల్‌ని సీన్‌లో ఏటవాలుగా తిప్పకండి. గది ప్రతిబింబాన్ని చిత్రంగా పట్టి ఉంచేది రిఫ్లెక్షన్ ప్రోబ్, అది పనిచేసే మేర దాని పెట్టె. ఈ వెర్షన్‌లో ఆ పెట్టె తిరగదు, ఎప్పుడూ ప్రపంచ అక్షాలకే అతుక్కుని ఉంటుంది. ఇల్లు వంకరగా ఉంటే పెట్టె గోడలకు సరిపోదు. బాల్కనీని సూటిగా +Z వైపు ఉంచి, సూర్యుణ్ణీ ఆకాశాన్నీ తిప్పడమే మేలు.

డిసెంబరు చివర ఉదయం 9 గంటలకు విశాఖలో సూర్యుడు ఉత్తరం నుంచి సవ్యదిశలో సుమారు 132 డిగ్రీల దగ్గర, క్షితిజానికి 31 డిగ్రీల ఎత్తులో ఉంటాడు. అంటే దాదాపు బాల్కనీకి ఎదురుగానే. డైరెక్షనల్ లైట్ Rotation లో X కి 31, Y కి 177 ఇవ్వండి. తలుపు ఎత్తు 2.1 మీటర్లయితే ఎండ నేల మీద బాల్కనీ తలుపు నుంచి సుమారు మూడున్నర మీటర్ల లోపలికి రావాలి. రాకపోతే కోణమైనా తప్పు, లేదా పై స్లాబు ఎక్కువ ముందుకు వచ్చి అడ్డుపడుతోంది.

ఇక హెచ్‌డీఆర్ ఎన్విరాన్‌మెంట్ మ్యాపు. 4096×2048 సైజు చాలు. ఎంచుకునేటప్పుడు అందం కన్నా ముందు రెండు విషయాలు చూడాలి. మొదటిది కింది సగం. పచ్చిక మైదానంలో తీసిన మ్యాపు పెడితే హాలు సీలింగుకి ఆకుపచ్చ జీర వస్తుంది, సముద్రం ఎదుట ఉన్న ఇంటికి అది అతకదు. నీళ్లో, లేత ఇసుకో ఉన్నది తీసుకోండి. రెండోది సూర్యుడి ఎత్తు. మ్యాపుని పక్కలకు తిప్పగలం గానీ సూర్యుణ్ణి పైకీ కిందికీ జరపలేం. 2048 పిక్సెళ్ల ఎత్తు 180 డిగ్రీలకు సమానం కనుక, 31 డిగ్రీల సూర్యుడు పై అంచు నుంచి 671వ వరుస దగ్గర ఉండాలి. ఓ యాభై వరుసలు అటూ ఇటూ అయితే కంటికి తెలియదు.

స్కైబాక్స్ మెటీరియల్‌కి Skybox/Panoramic షేడర్ పెట్టి మ్యాపు తగిలించండి. బాల్కనీలో Metallic 1, Smoothness 0.9 ఉన్న ఒక గోళం పెట్టండి. దాని మీద రెండు మెరుపు చుక్కలు కనిపిస్తాయి: ఒకటి డైరెక్షనల్ లైట్‌ది, రెండోది మ్యాపులోని సూర్యుడిది. Rotation జరుపుతూ పోతే రెండూ ఒకదానిపై ఒకటి పడతాయి. ఆ అంకె రాసిపెట్టుకుని, మ్యాపులోంచి సూర్యుణ్ణి తీసేయండి. 32 బిట్లలో పనిచేసే ఏ ఎడిటర్‌లోనైనా సూర్యబింబాన్ని చుట్టుపక్కల ఆకాశం రంగుతో కప్పితే సరి. ఈ సైజులో బింబం అడ్డంగా ఆరేడు పిక్సెళ్లే. అలాగే వదిలేస్తే లైట్‌మ్యాప్ బేక్‌లో కొన్ని కిరణాలు ఆ చుక్కకి తగిలి, ఎక్కువ కిరణాలు తప్పిపోయి, గోడల మీద తెల్లటి మచ్చలు లేస్తాయి. పైగా ఎండని రెండుసార్లు లెక్కేసినట్టు అవుతుంది.

ఇప్పుడు ప్రోబ్. మామూలుగా గది నడిమధ్య పెడతారు. మన హాలు మధ్యలో ఉయ్యాల వేలాడుతోంది, అక్కడ పెడితే గొలుసు ప్రోబ్ కంటికి మరీ దగ్గరై, ప్రోబ్ ఆరు వైపులా తీసే చిత్రంలో, అంటే క్యూబ్‌మ్యాపులో, అడ్డంగా నల్లటి పట్టీ పడుతుంది. అందుకని ప్రోబ్‌ని బాల్కనీ వైపు 0.6 మీటర్లు జరిపి, 1.5 మీటర్ల ఎత్తులో పెడదాం. ప్రోబ్ జరిగినా పెట్టె మాత్రం గోడల దగ్గరే ఉండాలి కనుక Box Offset లో Z కి -0.6 ఇవ్వాలి. Resolution 256, HDR టిక్ ఉండాలి. గోడలు, సామాన్లు అన్నిటికీ Reflection Probe Static పెట్టకపోతే బేక్ చేసిన చిత్రంలో అవి ఉండవు.

Box Projection ని ప్రోబ్‌లోనూ, యూఆర్‌పీ అసెట్‌లోనూ ఆన్ చేయాలి. చాలామంది రెండోది మరచిపోతారు. అది లేకపోతే క్యూబ్‌మ్యాపు అనంత దూరంలో ఉన్నట్టే లెక్క, కెమెరా నడుస్తుంటే టైల్స్‌లో కిటికీ కూడా వెంట జారుతూ వస్తుంది.

పాఠం పేరులోని చిక్కు ఇక్కడే వస్తుంది. అసెట్‌లో Probe Blending ఆన్ చేసి, పెట్టెని గోడలకు సరిగ్గా 3.6×3×5.4 అని కొలిచి పెట్టి బేక్ చేస్తే, విట్రిఫైడ్ టైల్స్ నిండా నీలాకాశం మెరుస్తుంది, పైన సీలింగ్ ఉన్నా సరే. కారణం Blend Distance. ప్రోబ్ బలం పెట్టె అంచు దగ్గర సున్నా, అక్కడి నుంచి లోపలికి ఆ దూరం పోయాకే పూర్తి బలం వస్తుంది. మొదట్లో ఉండే విలువ 1 మీటరు. నేల సరిగ్గా పెట్టె అడుగు అంచు మీదే ఉంది కాబట్టి దానికి ప్రోబ్ అందదు, మిగిలిన చోటు స్కైబాక్స్ నింపుతుంది. గోడలదీ ఇదే గతి, కాకపోతే సున్నం గోడలు మెరవవు కనుక పట్టుబడవు.

Blend Distance ని 0.1 కి తగ్గించి, పెట్టెని ప్రతి వైపూ అంతే పెంచండి:

```
Box Size    X 3.8   Y 3.2   Z 5.6
Box Offset  X 0     Y 0     Z -0.6
Blend Distance  0.1
```

పెట్టెని మీటరు పెంచినా ఆకాశం పోతుంది గానీ, ప్రతిబింబంలో గోడలు కూడా మీటరు వెనక్కి పోతాయి. పది సెంటీమీటర్ల తేడాని టైలు దాచుకుంటుంది.

వంటగది ప్రోబ్‌ని కూడా ఇలాగే పెడితే గుమ్మంలో ఇంకో తంటా. గోడ మందం 23 సెంటీమీటర్లు. రెండు పెట్టెలూ చెరో పది సెంటీమీటర్లు చొచ్చుకొస్తే మధ్యలో మూడు మిగులుతుంది, అటూ ఇటూ బలం తగ్గుతూ వస్తుంది. ఫలితంగా గడప మీద ఆకాశం చార. వంటగది పెట్టెని గుమ్మం వైపు మాత్రమే ఇంకో 23 సెంటీమీటర్లు సాగదీసి, హాల్లోకి పది సెంటీమీటర్లు రానివ్వండి. హాలు మధ్యని సున్నా అనుకుంటే, వంటగది పెట్టె Z లో -6.03 నుంచి -2.6 దాకా ఉంటుంది. ప్రోబ్ గది మధ్యలో, -4.43 దగ్గర ఉంటే Z సైజు 3.43, ఆఫ్‌సెట్ 0.115. నేల మెష్‌ని గుమ్మం దగ్గర కోయడం కూడా మంచిది. ఫార్వర్డ్‌లో ఒక వస్తువుకి రెండు ప్రోబ్‌లకు మించి అందవు, ఇల్లంతా ఒకే నేలైతే మూడో గది ఖాళీ చేతులతో మిగులుతుంది.

బేక్ చేశాక స్టీలు బీరువా టైల్స్‌లో నల్లగా కనిపిస్తే కంగారు పడకండి. ప్రతిబింబంలోని ప్రతిబింబానికి Lighting విండోలో Bounces ని 2 చేయాలి, అంతే. సోఫా కాళ్లు తమ ప్రతిబింబాలకు అతకకుండా విడిగా తేలడం మాత్రం ఈ పద్ధతిలో పోదు, ఎందుకంటే పెట్టెకి గోడలే తెలుసు, సోఫా తెలియదు. టైల్స్ Smoothness ని 0.85 కి దించితే ఆ అతుకు మసకబారుతుంది.

అభ్యాసం: హాలుని ఎల్ ఆకారంలోకి మార్చి, డైనింగ్ భాగానికి రెండో ప్రోబ్ పెట్టండి. రెండు పెట్టెలు కలిసే చోట నేల మీద ఆకాశం కనిపించకుండా కొలతలు ముందు కాగితం మీద వేసి, తర్వాతే బేక్ నొక్కండి. వచ్చే పాఠం అదే హాలులో రాత్రి, ట్యూబ్‌లైట్ వేశాక.